ముందు విషయం, తర్వాత రచయిత

శాఖా గ్రంథాలయంలో కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదట అప్పగించేది పాఠకులు తిరిగిచ్చిన పుస్తకాల గుట్ట. వాటిని మళ్లీ అరల్లో సర్దాలి. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పెడితే చూడ్డానికి బాగుంటుంది కానీ, రేపు ఎవరైనా ఒక నవల పేరు చెప్పి అడిగితే తీసివ్వడం కష్టం. అందుకే గ్రంథపాలకుడు అతనికి ముందుగా చూపించేది పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీని. దాని మీద పైవరసలో ఒక సంఖ్య, కింద రెండు మూడు అక్షరాలు ఉంటాయి. సంఖ్య విషయానికి గుర్తు, అక్షరాలు రచయితకు గుర్తు.

ఈ సంఖ్యలు చాలా గ్రంథాలయాల్లో డ్యూయీ దశాంశ పద్ధతి నుంచి వచ్చినవే. అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ దాన్ని 1876లో ప్రచురించాడు. అందులో విజ్ఞానం మొత్తాన్ని పది తరగతులు చేశారు. 500లు విజ్ఞాన శాస్త్రాలు, 800లు సాహిత్యం, 900లు చరిత్ర, భూగోళం. సాహిత్యంలో తెలుగుకు దక్కిన సంఖ్య 894.827. దాని చివర 1 చేరిస్తే కవిత్వం, 2 చేరిస్తే నాటకం, 3 చేరిస్తే కథలు, నవలలు. కాబట్టి ‘మహాప్రస్థానం’ 894.8271లోకి, ‘కన్యాశుల్కం’ 894.8272లోకి, ‘మాలపల్లి’ 894.8273లోకి వెళ్తాయి.

కుర్రాడు మొదట తడబడేది చుక్క దగ్గర. అతని చేతిలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి వంటల మీద, 641.5. రెండోది కూరగాయల మీద, 641.35. ముప్ఫై అయిదు అయిదు కన్నా పెద్దది కదా అని వంటల పుస్తకాన్ని ముందు పెడతాడు. అది తప్పు. చుక్క తర్వాతి అంకెలను కలిపి చదవకూడదు, ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ పోవాలి. 3 అయిదు కన్నా చిన్నది, కాబట్టి 641.35 ముందుంటుంది. ఈ ఒక్క సంగతి ఒంటబట్టకపోతే ఎంత ఓపిగ్గా సర్దినా అరలు కలగాపులగమవుతాయి.

ఒకే సంఖ్య ఉన్నవన్నీ ఒకచోట చేరాక రచయిత వంతు వస్తుంది. తెలుగు నవలల అరలోకి చేరాల్సినవి అయిదున్నాయనుకుందాం: విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’, ‘అరుణోదయం’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది గనక అక్షరక్రమం దానితోనే మొదలుపెట్టవచ్చు. ఉన్నవ ముందు, ఆ తర్వాత కొడవటిగంటి. కుటుంబరావు పుస్తకాలు రెండు కాబట్టి వాటి మధ్య వరస పేరును బట్టి తేలుతుంది: ‘అరుణోదయం’ ముందు, ‘చదువు’ తర్వాత.

చిక్కంతా బుచ్చిబాబుతో. అది కలంపేరు, అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. కలంపేరు ప్రకారం పెడితే విశ్వనాథ కన్నా ముందుంటాడు, ఇంటిపేరు ప్రకారం పెడితే తర్వాతికి పోతాడు. పాఠకుడు వెతికేది బుచ్చిబాబు పేరుతోనే గనక కలంపేరును ఎంచుకోవడమే మేలు. ఇంటిపేరుతో వెతికేవారి కోసం కేటలాగులో ‘శివరాజు’ దగ్గర ‘బుచ్చిబాబు చూడండి’ అని ఒక కార్డు ఉంచితే సరిపోతుంది. ఏది ఎంచుకున్నా ఆ రచయిత పుస్తకాలన్నిటికీ అదే పాటించాలి. సున్నతోనూ ఇలాంటి పేచీయే. బడిలో నేర్పే వర్ణమాలలో ‘అం’ ‘ఔ’ తర్వాత వస్తుంది, కానీ నిఘంటువుల్లో చాలావాటిలో ‘అంకం’ వంటి మాటలు మొదట్లోనే కనిపిస్తాయి. గ్రంథాలయం రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకుని రాసి పెట్టుకోవాలి. లేకపోతే కొత్తవాడు ఒకలా, పాతవాడు ఇంకోలా సర్దుతారు.

మొదటే రచయిత ప్రకారం సర్దితే ఈ తంటా ఉండదు కదా అని కుర్రాడికి అనిపించడం సహజం. కుటుంబరావు నవలలే కాదు, సినిమా మీద, సైన్సు మీద వ్యాసాలు కూడా రాశాడు. అన్నీ ఒకేచోట ఉంటే సైన్సు చదవాలని వచ్చినవాడికి ఆ వ్యాసాలు కంటపడవు. అలాగని విషయ క్రమానికి లోపం లేకపోలేదు: ఒక్క రచయితనే ఇష్టపడేవాడు నాలుగు బీరువాలు తిరగాలి. ఆ తిప్పలు తప్పించేది రచయితల కేటలాగే.

సర్దేటప్పుడు పుస్తకాలు ఎడమ నుంచి కుడికి, పై అర నుంచి కింది అరకు, ఒక బీరువా పూర్తయ్యాక పక్కదానికి సాగుతాయి. అరను కిక్కిరిసేలా నింపకూడదు. కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా వరసంతా జరపాల్సి వస్తుంది, లాగినప్పుడు వెన్నులూ ఊడతాయి. చోటు తప్పిన పుస్తకం గ్రంథాలయంలోనే ఉన్నా లేనట్టే. దాన్ని పట్టుకోవడానికి తీరిక వేళ ఒక్కో అర ముందు నిలబడి చీటీలు వరసగా చదువుకుంటూ పోతారు. అడిగిన పుస్తకం చోటులో లేకపోతే ముందుగా చూడాల్సినవి పై అర, కింది అర, అదే రచయిత పుస్తకాలున్న ఇతర సంఖ్యలు. ఆ తర్వాత, చదివి వదిలేసిన బల్లలు.