సస్పెండైన అకౌంట్, రెండేళ్ల నిబంధన

విజయవాడలో ఉంటూ అమెరికా, ఆస్ట్రేలియా కంపెనీలకు వీడియోలు ఎడిట్ చేసే ఒక కుర్రాడిని ఊహించుకుందాం. పనంతా అప్‌వర్క్ ద్వారానే వస్తుంది. ఒక కొత్త క్లయింట్ కాంట్రాక్ట్ ఇవ్వకముందే 'వాట్సాప్‌లో మాట్లాడుకుందాం, నంబర్ పంపండి' అన్నాడు. ఈ కుర్రాడు పంపేశాడు. మర్నాడు లాగిన్ అయితే అకౌంట్ సస్పెండ్ చేశామని నోటీసు. రెండు ప్రాజెక్టులు సగంలో ఉన్నాయి. సంపాదించిన డాలర్లు కొన్ని ఇంకా బ్యాంకుకు చేరలేదు. ఫోన్ చేసి అడుగుదామంటే అవతల మనిషంటూ లేడు.

నంబర్ పంపడం ఇంత పెద్ద తప్పా అనిపిస్తుంది. ఇలాంటి సైట్లు బతికేది కమీషన్ మీద. ఫైవర్ అయితే ఫ్రీలాన్సర్ సంపాదించే ప్రతి వంద రూపాయల్లో ఇరవై తీసుకుంటుంది. పరిచయం తమ దగ్గర చేసుకుని చెల్లింపు బయట జరుపుకుంటే ఆ ఆదాయం పోతుంది. అందుకే అప్‌వర్క్‌లో కాంట్రాక్ట్ మొదలయ్యేదాకా ఫోన్ నంబర్, ఈమెయిల్ ఇచ్చిపుచ్చుకోకూడదు. మొదలయ్యాక బయట మాట్లాడుకోవచ్చు కానీ, డబ్బు మాత్రం సైట్ ద్వారానే రావాలి. అదీ ఆ క్లయింట్ అక్కడ పరిచయమైన నాటి నుంచి రెండేళ్ల పాటు. ఈ రెండేళ్ల నిబంధనను చాలామంది చదవరు. అప్పీల్‌కూ, కొత్త క్లయింట్ల వేటకూ మధ్య చిక్కుముడి పడేది సరిగ్గా ఇక్కడే.

ముందు నోటీసులో ఏముందో నిదానంగా చదవాలి. అకౌంట్‌ను తాత్కాలికంగా ఆపడం వేరు, పూర్తిగా మూసేయడం వేరు. లాగిన్ అవుతూ, పాత మెసేజ్‌లు కనిపిస్తూ, కొత్త ప్రపోజల్స్ మాత్రం వెళ్లకపోతే చాలాసార్లు అది గుర్తింపు పరిశీలన కోసం పెట్టిన ఆంక్షే. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో అది వెనక్కి వెళ్తుంది, ప్రొఫైల్‌లో అసలు ఉండదు. ఆ నలుగురూ ఒక్కరేనని సైట్‌కు తెలియదు. ఇలాంటప్పుడు క్షమాపణ లేఖ రాసి లాభం లేదు. ప్రొఫైల్, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండేలా సరిచేసుకుని, అడిగిన కార్డు స్పష్టమైన ఫొటో పంపాలి.

మన కుర్రాడి సమస్య అది కాదు, నియమం మీరడం. అతను మొదట చేయాల్సింది లాగిన్ ఉండగానే రికార్డులు దాచుకోవడం: కాంట్రాక్టులు, ఇన్వాయిస్‌లు, చెల్లింపుల స్టేట్‌మెంట్లు, క్లయింట్లు రాసిన అభిప్రాయాలు, ఆ నంబర్ పంపిన సంభాషణ. రేపు లాగిన్ కూడా పోతే అప్పీల్‌కు ఆధారం ఉండదు. ఆదాయపు పన్ను రిటర్నుకు లెక్కలూ ఉండవు.

ఆ తర్వాత అప్పీల్. దాన్ని చదివే ఉద్యోగి ముందు అలాంటివి వరసగా ఉంటాయి. 'నేను నిజాయితీపరుణ్ని, ఐదేళ్లుగా పనిచేస్తున్నాను, కుటుంబం నా మీదే ఆధారపడింది' అన్న మాటలు నిజమే కావచ్చు. కానీ ఆ ఉద్యోగి తేల్చాల్సిన ప్రశ్నకు అందులో జవాబు లేదు. అతను చూసేవి మూడు: ఏ నియమం మీరారో ఈ మనిషికి తెలుసా, జరిగింది దాచకుండా చెప్పాడా, మళ్లీ జరగకుండా ఏం మార్చాడు. అమెజాన్‌లో సస్పెండైన అమ్మకందారులు ఇచ్చే కార్యాచరణ ప్రణాళిక కూడా ఇదే వరసలో ఉంటుంది: కారణం, దిద్దుబాటు, నివారణ.

మన కుర్రాడు ఇంగ్లిష్‌లో రాయాల్సిన సారాంశం ఇంతే: 'ఫలానా తేదీన, కాంట్రాక్ట్ మొదలవకముందే, క్లయింట్ అడిగితే నా వాట్సాప్ నంబర్ పంపాను. ఇది మీ నిబంధనకు విరుద్ధం. ఆ క్లయింట్ నుంచి బయట డబ్బు తీసుకోలేదు, బయట పని చేయలేదు. సంభాషణ స్క్రీన్‌షాట్ జతచేశాను. నా ప్రపోజల్ నమూనాలోనూ, పోర్ట్‌ఫోలియో ఫైళ్లలోనూ ఉన్న నంబర్లు తీసేశాను. ఇకపై కాంట్రాక్టుకు ముందు కాల్స్ కూడా మీ సైట్‌లోనే మాట్లాడతాను.' పది వాక్యాలు దాటనక్కర్లేదు. చేయని తప్పు ఒప్పుకోకూడదు, చేసినదాన్ని కప్పిపుచ్చకూడదు. మెసేజ్‌లన్నీ వాళ్ల సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి అబద్ధం రాస్తే వెంటనే బయటపడుతుంది. పంపాక రోజూ కొత్త టికెట్ వేయడం కన్నా, జవాబు వచ్చేదాకా ఆగి, కొత్త ఆధారం ఉంటేనే అదే టికెట్‌లో చేర్చడం మంచిది. అకౌంట్ తిరిగి రాదని తేలినా, మిగిలిన డబ్బు ఎప్పుడు విడుదలవుతుందో రాతపూర్వకంగా అడిగి తీరాలి.

ఎదురుచూడలేక చాలామంది తమ్ముడి పేరుతోనో భార్య పేరుతోనో ఇంకో అకౌంట్ తెరుస్తారు. అదే ల్యాప్‌టాప్, అదే ఇంటర్నెట్, అవే పోర్ట్‌ఫోలియో వీడియోలు కాబట్టి సైట్ ఇట్టే పట్టేస్తుంది. గెలవగలిగిన అప్పీల్ కూడా అక్కడితో చచ్చిపోతుంది, ఇంట్లో ఇంకొకరి పేరూ చెడుతుంది.

రెండో ప్రమాదం ఇంకా సహజంగా వస్తుంది. పని సగంలో ఆగిన క్లయింట్‌కు 'నా అకౌంట్ పోయింది, డబ్బు నేరుగా పంపండి' అని మెయిల్ పెట్టడం. అప్పీల్ నడుస్తుండగా అది పెద్ద ఉల్లంఘన. పని ఆలస్యమవుతుందని చెప్పవచ్చు, పూర్తయిన ఫైళ్లు ఇవ్వవచ్చు, చెల్లింపు మాట మాత్రం ఎత్తకూడదు. ఆ క్లయింట్‌కు నిజంగా ఇతనే కావాలనుకుంటే, అప్‌వర్క్‌కు మార్పిడి రుసుము కట్టి బయట పని చేయించుకునే అధికారిక మార్గం ఉంది.

మరి కొత్త పని ఎక్కడ? పాత పరిచయాలను తేదీల ప్రకారం విడదీస్తే దారి కనిపిస్తుంది. అప్‌వర్క్‌లో చేరకముందే తెలిసినవాళ్లకు, అక్కడ పరిచయమై రెండేళ్లు దాటినవాళ్లకు నేరుగా రాయవచ్చు. ఇక సైట్‌తో ఏ సంబంధమూ లేని కొత్తవాళ్లు ఉండనే ఉన్నారు. వీడియో ఎడిటర్‌కు తెలుగునాట పని తక్కువేం కాదు. యూట్యూబ్ ఛానెళ్లు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, కోచింగ్ సంస్థలు, హైదరాబాద్‌లోని యాడ్ ఏజెన్సీలు ఉన్నాయి. డాలస్, న్యూజెర్సీల్లో రెస్టారెంట్లు, నృత్య పాఠశాలలు నడిపే తెలుగువాళ్లూ ఉన్నారు. 'పని ఉంటే చెప్పండి' అని వందమందికి ఒకే మెసేజ్ పంపడం కన్నా, ఒక ఛానెల్ పాత వీడియోలో ముప్పై సెకన్లు తీసుకుని, మళ్లీ కట్ చేసి, ఏం మార్చాడో రెండు మాటల్లో చెప్పి ఆ ఛానెల్ వాళ్లకే పంపడం మేలు. సమయం పడుతుంది కాబట్టి వారానికి కొన్నే చేయగలడు. కానీ చూసినవాళ్లకు పనితనం అక్కడికక్కడే తెలుస్తుంది.

నేరుగా వచ్చే పనిలో కమీషన్ ఉండదు, రక్షణా ఉండదు. సైట్ ముందే డబ్బు తీసుకుని పట్టి ఉంచే ఏర్పాటు ఇక్కడ లేదు గనుక సగం అడ్వాన్స్ తీసుకోవాలి. ఎన్నిసార్లు మార్పులు చేస్తాడో ముందే రాసుకోవాలి. మిగతా డబ్బు అందాకే వాటర్‌మార్క్ లేని ఫైల్ ఇవ్వాలి. విదేశీ చెల్లింపుకు సరైన పర్పస్ కోడ్ పెట్టి, డబ్బు వచ్చినట్టు ధ్రువీకరించే పత్రం బ్యాంకు నుంచి తీసుకుని దాచుకోవాలి. స్వదేశీ, విదేశీ పని కలిపి ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. నమోదయ్యాక ఎల్‌యూటీ సమర్పిస్తే, ఎగుమతి కిందికొచ్చే సేవల మీద పన్ను కట్టకుండానే బిల్లు వేయవచ్చు. దాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా ఇవ్వాలి.

అకౌంట్ తిరిగి తెరుచుకున్నా మొదటి కొన్ని వారాలు ఆహ్వానాలు పలచగానే రావచ్చు. ఆ వారాల్లో బయటి పని వదిలేసి మళ్లీ పూర్తిగా సైట్ మీదే పడటం తొందరపాటు. ఒక షీట్‌లో ప్రతి క్లయింట్ పేరు, ఎక్కడ పరిచయమయ్యారు, ఏ తేదీన అన్న మూడు గడులు నింపుకుంటే, ఎవరికి బిల్లు సైట్ ద్వారా పంపాలో, ఎవరికి నేరుగా పంపవచ్చో, ఎవరి రెండేళ్లు ఎప్పుడు పూర్తవుతాయో ఒక్క చూపులో తెలుస్తుంది.