ట్యూబ్‌లైట్ ఒక్కోసారి మొదటి దెబ్బకే ఎందుకు వెలగదు?

చోక్, స్టార్టర్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ స్విచ్ వేస్తే వెంటనే వెలగదు. చివర్లు రెండూ ఎర్రబడతాయి. ఒకసారి తళుక్కుమని ఆరిపోతుంది, ఇంకోసారి తళుక్కుమంటుంది, మూడోసారికి నిలబడుతుంది. మర్నాడు అదే ట్యూబు, అదే స్టార్టరు, ఇంట్లో అదే వోల్టేజ్ అయినా ఒక్క దెబ్బకే వెలుగుతుంది. స్టార్టర్ తెరుచుకున్న ఆ క్షణంలో చోక్‌లో ఎంత కరెంటు పారుతోందన్నదే ఈ తేడాకి అసలు కారణం.

ముందు అక్కడ ఏం జరుగుతుందో చూద్దాం. స్టార్టర్ డబ్బా మూత తీస్తే లోపల చిన్న గాజు బుడ్డి, దాని పక్కన కాళ్లు అతికిన ఓ బుల్లి కెపాసిటర్ కనిపిస్తాయి. బుడ్డిలో గ్యాసు, రెండు కాంటాక్టులు ఉంటాయి. ఆ కాంటాక్టుల్లో ఒకటి వేడికి వంగే జంటలోహపు పట్టీ. స్విచ్ వేయగానే బుడ్డిలోని గ్యాసు మెరుస్తుంది, ఆ వేడికి పట్టీ వంగి రెండో కాంటాక్టుని తాకుతుంది. ఇక కరెంటు చోక్‌లోంచి, ట్యూబు చివర్లలోని ఫిలమెంట్లలోంచి, స్టార్టర్‌లోంచి పారుతుంది. ఫిలమెంట్లు ఎర్రబడేది అప్పుడే. కాంటాక్టులు కలిశాక బుడ్డిలో మెరుపు ఆగిపోతుంది కాబట్టి పట్టీ చల్లారి విడిపోతుంది. మనకి కావలసిన క్షణం అదే.

40 వాట్ల ట్యూబు చోక్ ఇండక్టెన్స్ సుమారు 1.2 హెన్రీలు ఉంటుంది. కాంటాక్టు విడిపోయేటప్పటికి అందులో అర ఆంపియరు పారుతోందనుకుందాం. విడిపోయిన మరుక్షణం ఎంత పారుతుంది? దారి తెగింది కాబట్టి సున్నా అనిపిస్తుంది. కానీ అప్పుడూ అర ఆంపియరే.

కారణం కాయిల్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం. కరెంటు మారితే క్షేత్రం మారుతుంది, క్షేత్రం మారితే కాయిల్ కొసల మధ్య ఆ మార్పుని అడ్డుకునే వోల్టేజ్ పుడుతుంది. మార్పు ఎంత వేగంగా ఉంటే ఆ వోల్టేజ్ అంత ఎక్కువ. అర ఆంపియరు ఒక్క మిల్లీసెకనులో సున్నాకి పడిపోతే 1.2 హెన్రీల చోక్‌లో 600 వోల్టులు పుడతాయి. అదే పతనం ఒక్క మైక్రోసెకనులో జరగాలంటే 6 లక్షల వోల్టులు కావాలి. కాలం అసలే పట్టకూడదంటే అనంతమైన వోల్టేజ్ కావాలి, అది ఎక్కడా దొరకదు. అందుకే కరెంటు తగ్గుతూ తగ్గుతూ సున్నాకి రావలసిందే తప్ప ఒక విలువ నుంచి ఇంకో విలువకి గెంతలేదు. ఉన్న దారి తెంచేస్తే కాయిల్ వోల్టేజ్‌ని పెంచుకుంటూ పోయి, చివరికి గాలిలోంచైనా కొత్త దారి తెరుచుకుంటుంది. పొడవాటి తీగ చుట్టని బ్యాటరీ నుంచి విడదీస్తే పెద్ద నిప్పురవ్వ వస్తుందని అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1832లో ప్రకటించింది దీన్నే. ఇండక్టెన్స్ కొలతకి ఆయన పేరే పెట్టారు.

మరి స్టార్టర్ తెరుచుకున్నాక ఆ అర ఆంపియరు ఎటు పోతుంది? బుడ్డి పక్కనున్న బుల్లి కెపాసిటర్‌లోకి. దాని విలువ సుమారు 6 నానోఫారడ్లు. కెపాసిటర్‌దీ ఇలాంటి పట్టుదలే, కాకపోతే వోల్టేజ్ విషయంలో. దాని వోల్టేజ్ అంటే లోపల చేరిన చార్జికి గుర్తు, మిద్దె మీది ట్యాంకులో నీటిమట్టం లాంటిది. నీళ్లు వచ్చి పడకుండా మట్టం పెరగదు, కాలం పట్టకుండా నీళ్లు రావు. వోల్టేజ్ ఒక్కసారిగా గెంతాలంటే చార్జి అంతా సున్నా సమయంలో వచ్చి చేరాలి, అంటే కరెంటు అనంతంగా ఉండాలి. కాంటాక్టులు కలిసి ఉన్నంతసేపూ ఈ కెపాసిటర్ రెండు కొసలూ ఒకటే కాబట్టి దాని వోల్టేజ్ సున్నా. అవి విడిపోయిన మరుక్షణం కూడా సున్నాయే.

అంటే ఆ క్షణం గురించి మనకి రెండు సంగతులు కచ్చితంగా తెలుసు: చోక్ కరెంటు అర ఆంపియరు, కెపాసిటర్ వోల్టేజ్ సున్నా. సర్క్యూట్ పాఠాల్లో ప్రారంభ నియమాలనేవి ఇవే. స్విచ్ మారక ముందటి క్షణం నుంచి మారిన తర్వాతి క్షణానికి ధైర్యంగా మోసుకుపోగలిగినవి కాయిల్ కరెంటు, కెపాసిటర్ వోల్టేజ్ మాత్రమే. మిగతావన్నీ గెంతవచ్చు. ఇక్కడే చూడండి, కెపాసిటర్‌లో కరెంటు ఒక్క క్షణం ముందు సున్నా, ఇప్పుడు అర ఆంపియరు. దానికి ఏ అడ్డూ లేదు. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే: రెసిస్టర్ కరెంటునీ కెపాసిటర్ కరెంటునీ కూడా పాత విలువలతోనే ముందుకి లాక్కొచ్చేస్తారు. అలా కాదు. ఆ క్షణానికి కాయిల్‌ని దాని పాత కరెంటు ఇచ్చే సోర్సుగా, కెపాసిటర్‌ని దాని పాత వోల్టేజ్ ఇచ్చే బ్యాటరీగా అనుకుని మిగతా సర్క్యూట్‌ని కొత్తగా లెక్కగట్టాలి.

మన సర్క్యూట్‌లో అలా లెక్కగడితే కెపాసిటర్ వోల్టేజ్ మొదట్లో మైక్రోసెకనుకి 83 వోల్టుల చొప్పున పెరుగుతుంది. వేగమే, కానీ గెంతు కాదు. ఆ కాస్త వ్యవధిలో కాంటాక్టులు మరికొంచెం ఎడమవుతాయి, వాటి మధ్య రవ్వ తగ్గుతుంది. చోక్‌లో ఉన్న 0.15 జౌళ్ల శక్తి అంతా కెపాసిటర్‌లోకి చేరడానికి సుమారు 130 మైక్రోసెకన్లు పడుతుంది. అప్పటికి వోల్టేజ్ కాగితం మీద 7 వేలు దాటుతుంది. నిజంగా అంత రాదు. చోక్ ఇనుములో కొంత శక్తి పోతుంది, కాంటాక్టుల దగ్గర రవ్వలో కొంత పోతుంది, అన్నిటికంటే ముందు ట్యూబే వెలిగిపోతుంది. దానికి కొన్ని వందల వోల్టుల నుంచి వెయ్యి వోల్టుల దాకా దెబ్బ చాలు.

ఇప్పుడు మిణుకుల సంగతి. మన ఇళ్లకి వచ్చేది 50 హెర్ట్జ్ ఏసీ కాబట్టి చోక్ కరెంటు ప్రతి 10 మిల్లీసెకన్లకి ఒకసారి సున్నాని తాకుతుంది. పట్టీ చల్లారి విడిపోవడానికి ఈ లెక్క తెలియదు, ఎప్పుడు పడితే అప్పుడు విడిపోతుంది. కరెంటు గరిష్ఠం దగ్గర విడిపోతే దెబ్బ గట్టిగా పడి ట్యూబు వెలుగుతుంది. సున్నా దగ్గర విడిపోతే చోక్‌లో దాచుకున్నదేమీ ఉండదు, దెబ్బ నీరసంగా పడుతుంది. స్టార్టర్ మళ్లీ మెరిసి, మళ్లీ కలిసి, మళ్లీ విడిపోవాలి. ప్రతిసారీ ప్రారంభ నియమం కొత్తదే.

ఈ నియమాలకి ఒక హద్దుంది. అసలు కెపాసిటర్ లోపల కొద్దిపాటి రెసిస్టెన్స్ కూడా ఉంటుంది, దాని మీది వోల్టేజ్ గెంతుతుంది. అందుకే మీటరు పెట్టి కొలిస్తే కాళ్ల మధ్య చిన్న గెంతు కనిపించవచ్చు. గెంతనిది లోపలి చార్జి.

ఈ కెపాసిటర్ పాడై లోపల షార్ట్ అయితే గుర్తుపట్టడం తేలిక. ట్యూబు చివర్లు రెండూ ఎర్రగా వెలుగుతూనే ఉంటాయి, మధ్యభాగం మాత్రం వెలగదు. దారి ఎప్పటికీ తెగదు కాబట్టి చోక్‌కి దెబ్బ కొట్టే అవకాశమే రాదు. అతుక్కుపోయిన కాంటాక్టులూ ఇదే పని చేస్తాయి. అలాంటప్పుడు స్టార్టర్‌ని తిప్పి బయటికి లాగితే చాలాసార్లు ట్యూబు టక్కున వెలుగుతుంది, పట్టీ చేయాల్సిన పని చెయ్యే చేసింది మరి. స్టార్టర్ చేతిలో ఉన్నా ట్యూబు వెలుగుతూనే ఉంటుంది. కొత్త స్టార్టర్ తెచ్చి బిగిస్తే సరిపోతుంది, ట్యూబు మార్చక్కర్లేదు.