ఉప్పునీటి సీసా నడిచిన దారి

1832 మే నెల. స్కాట్లండ్‌లోని లీత్ రేవు పట్టణాన్ని కలరా కమ్మేసింది. నాడి అందక, కళ్లు గుంటలు పడి, ప్రాణం పోవడానికి సిద్ధంగా ఉన్న ఒక వృద్ధురాలి రక్తనాళంలోకి డాక్టర్ థామస్ లట్టా ఉప్పునీరు ఎక్కించాడు. అంతకుముందు ఏడాది ఓషానెస్సీ అనే ఇరవై రెండేళ్ల కుర్ర డాక్టరు కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరూ ఉప్పూ తరిగిపోతున్నాయని తేల్చాడు. లట్టాకు ధైర్యమిచ్చింది ఆ మాటే. అరగంటలో దాదాపు మూడు లీటర్లు లోపలికి వెళ్లాయి. ఆమె గొంతు పెగిలింది, ఒంట్లో వేడి పుట్టింది. కానీ విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి, ద్రవం మళ్లీ ఎక్కించలేదు. కొన్ని గంటల్లో ఆమె చనిపోయింది.

పోతున్న నీటికి తగ్గట్టు నింపుతూ ఉండాలన్నది ఆ మరణం నేర్పిన పాఠం. ఇంకో లోపం కూడా ఉంది. లట్టా కలిపిన ఉప్పు ఇప్పటి సెలైన్‌లో సగానికంటే తక్కువ. అంత పలచటి నీరు ఎక్కిస్తే అంతా రక్తంలోనే నిలవదు.

ఎందుకు నిలవదో తెలియాలంటే ఒంట్లో నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. 70 కిలోల మగమనిషిలో సుమారు 42 లీటర్ల నీరుంటుంది. అందులో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు బయట. ఆ బయటి నీటిలోనూ నాళాల్లో పారే ప్లాస్మా మూడున్నర లీటర్లే, మిగతాది కణాల సందుల్లో ఉంటుంది. కణం పొరను నీరు తేలిగ్గా దాటుతుంది. సోడియం దాటినా, కణం దాన్ని వెంటనే బయటికి తోడేస్తుంది. అందుకని ఉప్పు ఏ వైపు చిక్కగా ఉంటే నీరు ఆ వైపుకు నడుస్తుంది. లీటరు నీటిలో కరిగిన రేణువుల లెక్కే ఆస్మోలారిటీ. మన ఒంట్లో అది లీటరుకు సుమారు 290 మిల్లీఆస్మోల్స్, లోపలా బయటా ఒకటే.

1880లలో డచ్ శాస్త్రవేత్త హాంబర్గర్ ఎర్రరక్తకణాలనే కొలమానంగా పెట్టుకుని దీన్ని పరీక్షించాడు. నీరు పలచనైతే అవి ఉబ్బి పగులుతాయి, చిక్కనైతే ముడుచుకుపోతాయి. మనిషి రక్తానికి సరితూగేది దాదాపు 0.9 శాతం ఉప్పునీరని తేలింది. లీటరుకు 9 గ్రాములు. ఈనాటి సీసా మీదున్న అంకె అదే.

ఇక లెక్క. మన ఊళ్లలో ఏ సీసా పెట్టినా "గ్లూకోజ్ ఎక్కించారు" అనేస్తాం. ఒంటికి మాత్రం సెలైనూ గ్లూకోజూ ఒకటి కావు. ఒక లీటరు 0.9 శాతం సెలైన్ కణాల్లోకి దాదాపుగా వెళ్లదు. మొత్తం బయటే ఉంటుంది, అందులో పావు వంతు, అంటే 250 మిల్లీలీటర్లు, ప్లాస్మాలో నిలుస్తాయి. గ్లూకోజ్ సీసాలోని 5 శాతం డెక్స్‌ట్రోజ్ సంగతి వేరు. సీసాలో ఉన్నంతసేపు అది రక్తానికి సరిజోడే, కానీ చక్కెరను కణాలు వాడేసుకోగానే మిగిలేది వట్టి నీరు. ఒంట్లోని రేణువులు 42 × 290 = 12,180. అవి ఇప్పుడు 43 లీటర్లలో పరుచుకుంటాయి:

12,180 ÷ 43 = 283

కణాల లోపలి రేణువులు 28 × 290 = 8,120. వాటిని 283తో భాగిస్తే 28.7 లీటర్లు. ఎక్కించిన లీటరులో మూడింట రెండు వంతులు కణాల్లోకి జారిపోయాయి, ప్లాస్మాకు దక్కింది 80 మిల్లీలీటర్ల చిల్లర. నాడి పడిపోయిన రోగికి ఇది ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది.

ఇదే వరుసలో 3 శాతం ఉప్పునీరు ఒక లీటరు ఇచ్చామనుకుందాం. అందులో 1,026 మిల్లీఆస్మోల్స్ ఉంటాయి.

(12,180 + 1,026) ÷ 43 = 307

లోపలి నీరు 8,120 ÷ 307 = 26.4 లీటర్లు. కణాల నుంచి లీటరున్నర బయటికి వచ్చేసింది. లెక్కలో చాలామంది తప్పేది ఒక్కచోటే: కొత్త రేణువులను బయటి 14 లీటర్లతోనే భాగిస్తారు. నీరు రెండు గదుల్లోనూ కదులుతుంది కాబట్టి ముందు మొత్తం నీటితో భాగించాలి, ఆ తర్వాతే గదులు విడదీయాలి.

సోడియం ఉన్నట్టుండి పడిపోయి, మెదడు ఉబ్బి, రోగికి ఫిట్స్ వస్తున్నప్పుడు డాక్టర్లు ఈ చిక్కటి ఉప్పునీటినే 100 నుంచి 150 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తారు. పుర్రెకు సాగే వీలు లేదు, ఆ వాపు తీయాల్సిందే. అయితే రోజుల తరబడి సోడియం తక్కువగా ఉన్నవారి మెదడు కణాలు తమ రేణువులను కొంత వదులుకుని సర్దుకుని ఉంటాయి. వారికి తొందరపడి సరిచేస్తే నరాల పొర దెబ్బతిని కాళ్లూచేతులూ, మాటా పడిపోవచ్చు. మన లెక్క చివరి నీటిమట్టం చెబుతుందే గానీ, ఎంత వేగంగా చేరాలో చెప్పదు. మూత్రంలో పోతున్నదాన్నీ అది ఎరగదు. అందుకే కొన్ని గంటలకోసారి రక్తంలో సోడియం కొలుస్తూ, 24 గంటల్లో అది లీటరుకు 8 నుంచి 10 మిల్లీమోల్స్‌కు మించి పెరగకుండా చూస్తారు.