పేజీ కొత్తది, ఫైలు పాతది: అప్‌డేట్ తర్వాత వెబ్‌సైట్ ఎందుకు చెదిరిపోతుంది?

ఒక జూనియర్ కాలేజీ వెబ్‌సైట్‌ను బుధవారం రాత్రి కొత్త రూపంలోకి మార్చారనుకుందాం. గురువారం పొద్దున్నే ఆఫీసుకు ఫోన్లు మొదలవుతాయి. ఒకరికి మెనూలోని లింకులన్నీ నీలిరంగు అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి జారిపోయి కనిపిస్తున్నాయి. ఇంకొకరికి కాలేజీ లోగో స్క్రీన్ మొత్తం ఆక్రమించింది. ఫీజు కట్టే బటన్ ఎక్కడుందో మూడో ఆయనకు అంతుచిక్కడం లేదు. ఆఫీసులో క్లర్కు తన కంప్యూటర్‌లో తెరిచి చూస్తే అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ‘మా దగ్గర బాగానే వస్తోందండీ’ అంటాడాయన. ఫోన్ చేసినవాళ్లకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. సర్వర్‌లో సైట్ బాగానే ఉంది. ఫోన్ చేసినవాళ్ల బ్రౌజర్లలో మాత్రం కొత్త సైటూ పాత సైటూ కలిసిపోయాయి.

బ్రౌజర్‌కు ఒక వెబ్ పేజీ ఒకే ముక్కగా రాదు. పేజీలోని విషయమంతా హెచ్‌టీఎంఎల్ ఫైల్లో ఉంటుంది. రంగులు, కొలతలు, ఏది ఎక్కడ కనిపించాలన్న అమరిక సీఎస్ఎస్ ఫైల్లో ఉంటాయి. బటన్ నొక్కితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్ ఫైళ్లు చెబుతాయి. ఇవన్నీ ప్రతిసారీ దింపుకుంటే డేటా ఖర్చు, సమయం కూడా వృథా. అందుకే బ్రౌజర్ కొన్నిటిని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచి పెట్టుకుంటుంది. ఆ నిల్వనే క్యాచీ అంటారు. ఏ ఫైల్‌ను ఎంతకాలం దాచుకోవచ్చో సర్వర్ దాన్ని పంపేటప్పుడే ఒక చిన్న వాక్యంలో చెబుతుంది. మన కాలేజీ సర్వర్ సీఎస్ఎస్ ఫైల్‌తో పాటు ఇలా చెప్పిందనుకుందాం:

```
Cache-Control: max-age=604800
```

ఆ అంకె సెకన్లలో లెక్క. 604800 సెకన్లంటే సరిగ్గా 7 రోజులు. ఒక విద్యార్థి తండ్రి సోమవారం ఉదయం 9 గంటలకు సైట్ చూశాడు. అప్పుడు దిగిన `style.css` ఫైల్‌ను వచ్చే సోమవారం 9 గంటల దాకా ఆయన బ్రౌజర్ తాజాదిగానే లెక్కిస్తుంది. ఈ వారం రోజులూ ‘ఇది మారిందా?’ అని సర్వర్‌ను అడగను కూడా అడగదు. హెచ్‌టీఎంఎల్ విషయంలో మాత్రం సర్వర్ ‘వాడే ముందు ప్రతిసారీ నన్ను అడుగు’ అని చెప్పి ఉంది. బుధవారం రాత్రి సైట్ మారింది. గురువారం ఆయన తెరిచేసరికి హెచ్‌టీఎంఎల్ కొత్తది వచ్చింది, సీఎస్ఎస్ పాతదే మిగిలింది. కొత్త పేజీలో మెనూకు కొత్త పేరు పెట్టారు, లోగో కొలతను కొత్త సీఎస్ఎస్‌లో రాశారు. పాత ఫైల్‌కు ఆ పేర్లేవీ తెలియవు. అందుకే మెనూ ఉత్త లింకుల జాబితాగా జారిపోయింది, లోగో తన అసలు సైజులో తెరనిండా పరుచుకుంది. ఏమీ చేయకుండా వదిలేసినా సోమవారం 9 గంటల తర్వాత ఆయనకు సైట్ సరిగ్గా వచ్చేస్తుంది. మొదటిసారి సైట్ తెరిచినవాళ్లకు అసలు ఇబ్బందే రాదు. వాళ్ల దగ్గర పాత ఫైల్ లేదు కదా.

సర్వర్ గడువేదీ చెప్పకపోతే బ్రౌజర్ తనే ఒక అంచనా వేసుకుంటుంది. ఫైల్ చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి, అందులో పదో వంతు కాలం తాజాగా ఉంటుందని అనుకోవడం మామూలు పద్ధతి. 100 రోజులుగా ముట్టుకోని ఫైల్‌ను మరో 10 రోజులు అడక్కుండా వాడేస్తుందన్నమాట. చాలాకాలం కదిలించని సైట్‌ను ఒక్కసారిగా మార్చినప్పుడు ఫిర్యాదులు ఎక్కువ రావడానికి ఇదొక కారణం.

మరో రకం ఇబ్బందిలో పేజీ చెదరదు, అసలు రానే రాదు. తెల్లటి తెర తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ వ్యవహారం తిరగబడింది: బ్రౌజర్ దగ్గర ఉన్నది పాత హెచ్‌టీఎంఎల్. అది `app.3f2a.js` లాంటి పాత జావాస్క్రిప్ట్ ఫైల్‌ను అడుగుతుంది. అప్‌డేట్ చేసినవాళ్లు ఆ ఫైల్‌ను సర్వర్ నుంచి తీసేశారు. అడిగింది దొరక్క పేజీ అక్కడే ఆగిపోతుంది. రోజుల తరబడి మూయకుండా ఉంచిన ట్యాబుల్లోనూ ఇదే జరుగుతుంది. తెరిచి ఉన్న పేజీ బాగానే కనిపిస్తుంది, వేరే విభాగం మీద నొక్కగానే ఆగిపోతుంది.

వికీపీడియా లాంటి పెద్ద సైట్లు ఈ చిక్కును ముందే ఊహించి ఏర్పాట్లు చేసుకుంటాయి. దాన్ని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో 2011లో వచ్చిన రిసోర్స్‌లోడర్ అనే భాగం ఈ పని చూస్తుంది. ఏ ఫైల్ ఏ వెర్షన్‌లో ఉందో చెప్పే ఒక చిన్న ఫైల్‌ను బ్రౌజర్ 5 నిమిషాలే దాచుకుంటుంది. పెద్ద ఫైళ్లకు ఎక్కువ గడువు ఇచ్చినా, అవి మారిన ప్రతిసారీ వాటి చిరునామా మారుతుంది. చిరునామా మారితే బ్రౌజర్‌కు అది కొత్త ఫైలే, పాతదాన్ని వాడే అవకాశమే లేదు. లాగిన్ కాని పాఠకులకు వికీపీడియా పేజీలు మధ్యలోని సర్వర్లలో రోజుల తరబడి నిల్వ ఉన్నవే వస్తాయి. కాబట్టి కొత్త సీఎస్ఎస్ రాసేవాళ్లు, పాత పేజీలు కూడా చెదరకుండా పాత పేర్లను కొంతకాలం అందులో ఉంచుతారు. ఇంత చేసినా, తెలుగు వికీపీడియాలో తన సొంత `common.css` పేజీని మార్చుకున్న సభ్యుడికి ‘మార్పు కనబడాలంటే బ్రౌజర్ క్యాచీని దాటవేయాల్సి రావచ్చు’ అనే సూచన కనిపిస్తుంది.

చూసేవాళ్ల వైపు నుంచి మొదట తేల్చుకోవాల్సింది, తప్పు సైట్‌లో ఉందా, తమ బ్రౌజర్ నిల్వలో ఉందా అన్నది. దానికి తేలికైన పరీక్ష ఒకటుంది. అదే పేజీని ప్రైవేట్ విండోలో, క్రోమ్‌లో అయితే ఇన్‌కాగ్నిటో విండోలో తెరవాలి. ఆ విండో పాత నిల్వను ముట్టుకోదు. అక్కడ కూడా పేజీ చెదిరే ఉంటే మన దగ్గర ఏం తుడిచినా లాభం లేదు. అక్కడ బాగా వస్తే చిక్కు మన బ్రౌజర్‌లోనే ఉంది. అయితే ఆ విండోలో లాగిన్ ఉండదు, ఎక్స్‌టెన్షన్లు కూడా సాధారణంగా పనిచేయవు. కాబట్టి ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ లాంటిది కారణం కావచ్చన్న అనుమానాన్ని కూడా మనసులో ఉంచుకోవాలి.

తర్వాత చేయాల్సింది గట్టి రీలోడ్. క్రోమ్‌లో మామూలు రీలోడ్ ఇక్కడ చాలదు. 2017 నుంచి అది ప్రధాన పేజీని మాత్రమే సర్వర్‌ను అడిగి సరిచూస్తుంది. గడువు తీరని సీఎస్ఎస్, బొమ్మలు క్యాచీ నుంచే వస్తాయి. విండోస్‌లో Ctrl+Shift+R, మ్యాక్‌లో Cmd+Shift+R నొక్కితే క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ ఆ పేజీకి కావాల్సిన ఫైళ్లన్నిటినీ మళ్లీ దింపుకుంటాయి. కాలేజీ సైట్ లాంటి వాటికి ఈ ఒక్క పని సరిపోతుంది. లాగిన్ పోదు, ఏదీ చెరిగిపోదు.

దీనికీ లొంగని సైట్లు కొన్ని ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా కట్టిన సైట్లు బ్రౌజర్‌లో సర్వీస్ వర్కర్ అనే సొంత స్క్రిప్ట్‌ను ఉంచుతాయి. దాని దగ్గర విడిగా మరో నిల్వ ఉంటుంది. కొత్త వెర్షన్ దిగినా, మామూలుగా ఆ సైట్ తాలూకు ట్యాబులన్నీ మూసేదాకా అది పక్కన వేచి ఉంటుంది. అప్పటిదాకా పాతదే పనిచేస్తుంది. గట్టి రీలోడ్ చేస్తే ఆ ఒక్కసారికి పేజీ బాగుపడి, మళ్లీ మామూలుగా తెరిస్తే పాత రూపం రావడం దీని గుర్తు. ముందుగా ఆ సైట్ ట్యాబులన్నీ మూసి మళ్లీ తెరవాలి. అయినా మారకపోతే ఆ సైట్ డేటాను తుడవాలి.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. ఎవరో చెప్పారని బ్రౌజర్ మొత్తం డేటాను తుడిచేస్తే బ్యాంకు, మెయిల్, షాపింగ్ సైట్లన్నిట్లో లాగిన్ పోతుంది. చెదిరింది ఒక్క సైట్ అయినప్పుడు తుడవాల్సిందీ ఆ ఒక్కదాన్నే.

కంప్యూటర్‌లోని క్రోమ్‌లో ఆ సైట్‌ను తెరిచి, అడ్రస్‌కు ఎడమ పక్కనున్న చిన్న గుర్తును నొక్కాలి. అందులో Cookies and site data, ఆ తర్వాత Manage on-device site data ఎంచుకుంటే సైట్ పేరు, దాని పక్కన చెత్తబుట్ట గుర్తు కనిపిస్తాయి. ఆ గుర్తు నొక్కి Done అనాలి. దీంతో కుకీలు, సైట్ దాచుకున్న సమాచారం, సర్వీస్ వర్కర్ పోతాయి. మామూలు క్యాచీలోని ఫైళ్లు మిగిలే అవకాశం ఉంది కాబట్టి, ఆ వెంటనే Ctrl+Shift+R కూడా నొక్కాలి.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో Settings లోని Site settings, అందులో All sites తెరిచి సైట్ పేరు వెతకాలి. దాన్ని నొక్కితే డేటా తొలగించే మీట ఉంటుంది. మాటలు వెర్షన్‌ను బట్టి కొద్దిగా మారతాయి. ఫోన్‌లో గట్టి రీలోడ్‌కు కీలు లేవు. అప్పటికీ పేజీ సర్దుకోకపోతే Delete browsing data లోకి వెళ్లి Cached images and files అన్న గడికి మాత్రమే టిక్ పెట్టాలి. Cookies and site data టిక్ తీసేయాలి. ఇది అన్ని సైట్ల క్యాచీనీ ఖాళీ చేస్తుంది గానీ ఎక్కడా లాగిన్ పోదు. ఫైళ్లు మరోసారి దిగుతాయి, అంతే.

ఐఫోన్ సఫారీకి సెట్టింగ్స్‌లోని Safari, అందులో Advanced, ఆపైన Website Data చూడాలి. కొత్త ఐఓఎస్‌లో Safari అన్నది Apps లోపల ఉంటుంది. సైట్ పేరు వెతికి, ఆ వరుసను ఎడమకు జరిపితే Delete వస్తుంది.

తుడిచే ముందు ఏం పోతుందో తెలిసి ఉండాలి. ఆ సైట్‌లో లాగిన్ పోతుంది. బ్యాంకు సైట్ అయితే ఓటీపీ మళ్లీ అడగవచ్చు కాబట్టి రిజిస్టర్ చేసిన ఫోన్ దగ్గర ఉంచుకోవాలి. వాట్సాప్ వెబ్ అయితే క్యూఆర్ కోడ్‌ను మళ్లీ స్కాన్ చేయాలి. సగం నింపిన దరఖాస్తు బ్రౌజర్‌లోనే దాగి ఉంటే అదీ పోతుంది. దాన్ని ముందే వేరేచోట కాపీ చేసుకోవడం మంచిది. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు మాత్రం ఎక్కడికీ పోవు.

ప్రైవేట్ విండోలోనూ పేజీ చెదిరే ఉంటే పని సైట్ నడిపేవాళ్లది. సర్వర్‌కూ చూసేవాళ్లకూ మధ్య ఫైళ్లను నిల్వ చేసే సీడీఎన్‌లో పాత ప్రతి మిగిలి ఉండొచ్చు. దాన్ని వాళ్లే ఖాళీ చేయగలరు. అప్పుడు ‘మీ సైట్ పనిచేయడం లేదు’ అన్న ఒక్క మాట వాళ్లకు దారి చూపదు. ఏ పేజీ, ఎన్ని గంటలకు, ఏ బ్రౌజర్‌లో, ప్రైవేట్ విండోలో ఎలా కనిపించింది అన్న నాలుగూ చెప్పి ఒక స్క్రీన్‌షాట్ జతచేస్తే, ఎక్కడ వెతకాలో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. మన కాలేజీ సైట్ విషయంలో అయితే శాశ్వత పరిష్కారం చాలా చిన్నది: పేజీలో ఫైల్ చిరునామాను `style.css?ver=2` అని మార్చడం. వర్డ్‌ప్రెస్ సైట్లలో ఫైళ్ల చివర `?ver=` అని కనిపించేది ఇందుకే. బుధవారం రాత్రే ఆ మార్పు చేసి ఉంటే గురువారం పొద్దున ఆ ఫోన్లు వచ్చేవి కావు.