ఎప్పుడూ నీరసం: ఎందుకు? కారణం తెలుసుకోవడం ఎలా?

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న 23 ఏళ్ల అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. మూడు నెలలుగా ఒంట్లో ఓపిక లేదు. రెండో అంతస్తుకు మెట్లెక్కితే గుండె దడ. దువ్వెన నిండా జుట్టు. మధ్యాహ్నం క్లాసులో కునికిపాట్లు. సందు చివరి క్లినిక్‌లో సెలైన్ పెట్టించుకుంటే ఒకటి రెండు రోజులు బాగున్నట్టే అనిపించి మళ్లీ మామూలైంది. చివరికి రక్తపరీక్ష చేయించుకుంది. హిమోగ్లోబిన్ 10.4, ఎంసీవీ 72, టీఎస్‌హెచ్ 6.1 అని వచ్చాయి. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మకు "థైరాయిడ్" అన్న ముక్కే చెవిన పడింది.

ఈ రిపోర్టులో అసలు దోషి థైరాయిడ్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

ముందు దేన్ని చూడాలి?

హిమోగ్లోబిన్‌ను. గర్భం లేని స్త్రీకి 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మంది ఈ గీత కిందే ఉన్నారు. కాబట్టి అనుమానం మొదట అటే వెళ్లాలి.

పక్కనున్న ఎంసీవీ ఎర్ర కణం సగటు సైజు చెబుతుంది. అది 80 కంటే తక్కువంటే కణాలు చిన్నవైపోయాయని. ఐరన్ చాలకపోతే ఎక్కువగా జరిగేది ఇదే. 100 దాటి పెద్దవైతే బి12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపాన్ని వెతకాలి. రెండు లోపాలూ కలిసి ఉంటే సగటు మధ్యలో నిలిచి, ఎంసీవీ మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది.

కణాలు చిన్నవైనంత మాత్రాన ఐరన్ లోపమే అని తేల్చకూడదు. తలసీమియా లక్షణం పుట్టుకతో ఉన్నవాళ్లకూ కణాలు చిన్నగానే ఉంటాయి. వాళ్లకు ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా ఆ సైజు మారదు. ఈ తేడా తేల్చేది ఫెరిటిన్ పరీక్ష, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే లెక్క. 15 కంటే తక్కువుంటే నిల్వ ఖాళీ అయినట్టే. 30 లోపుంటే చాలామంది డాక్టర్లు లోపం కిందే చూస్తారు. జ్వరమో ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉత్తుత్తిగా పెరుగుతుంది కాబట్టి అది తగ్గాకే చేయించుకోవాలి. ఇంకో సంగతి. హిమోగ్లోబిన్ 12.3 ఉండి కూడా ఫెరిటిన్ అడుగంటిన అమ్మాయిలుంటారు. "రక్తం బాగానే ఉంది" అనిపించుకుని నీరసంతోనే ఇంటికొస్తారు.

మన అమ్మాయికి ఫెరిటిన్ 8 వచ్చిందనుకుందాం.

ఐరన్ ఎందుకు తగ్గింది?

ఈ ప్రశ్న అడగకుండా మాత్రలు రాస్తే మూడు నెలల తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. మామూలు నెలసరిలో 30, 40 మిల్లీలీటర్లు పోతే 20 మిల్లీగ్రాముల లోపే నష్టం. 80 మిల్లీలీటర్లు పోతే 40 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 1.3 చొప్పున. చర్మం, పేగుల ద్వారా మామూలుగా పోయే ఒక మిల్లీగ్రామును కలిపితే రోజుకు 2.3 కావాలి. అన్నం, పప్పు, చారు, కూరతో సాగే భోజనంలోని ఐరన్‌లో పదో వంతు కూడా ఒంటికి పట్టదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు ఉండాలనడానికి కారణం ఇదే. హాస్టల్ మెస్సులో అంత దొరకడం కష్టం, పైగా టిఫిన్ వెంటే తాగే టీ వచ్చిన కొద్దిపాటి ఐరన్‌నూ పట్టనివ్వదు.

రక్తం ఎంత పోతోందో కొలవలేం కానీ గుర్తుపట్టొచ్చు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, రాత్రి అందుకోసమే లేవడం, రూపాయి బిళ్లంత గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం. వీటిలో ఏది ఉన్నా గైనకాలజిస్టుకు చెప్పాలి. "మా ఇంట్లో అందరికీ అంతే" అనేది జవాబు కాదు.

కొత్తపేటలో బీట్‌రూట్ జ్యూస్ తాగి రక్తం పడుతుందనుకునేవాళ్లు చాలామంది. ఆ ఎరుపు రంగుకూ ఐరన్‌కూ సంబంధం లేదు. దానిమ్మలోనూ ఐరన్ నామమాత్రమే. మాంసం, కాలేయంలోది బాగా పడుతుంది. ఆకుకూర, పప్పు తినేవాళ్లు పైన నిమ్మకాయ పిండుకోవాలి, టీని గంట అవతలకు నెట్టాలి. సెలైన్ సంగతా? ఐదు శాతం గ్లూకోజు అర లీటరు సీసాలో పాతిక గ్రాముల చక్కెర, నీళ్లు. ఐరన్ సున్నా.

ఖాళీ అయిన నిల్వను తిండి ఒక్కటే త్వరగా నింపలేదు, మాత్ర కావాలి. డాక్టరు చెప్పిన మోతాదులో రోజుకొకసారో రోజు విడిచి రోజో చాలు. రెండు పూటలా మింగితే ఎక్కువ పట్టదు, కడుపునొప్పి, మలబద్ధకం మాత్రం పెరుగుతాయి. మలం నల్లబడితే కంగారు పడొద్దు. మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే మాత్ర సరిగా వేసుకోలేదనో, టీతో మింగుతోందనో, రక్తం ఇంకా పోతోందనో. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా నిల్వ నిండడానికి మరో మూడు నెలలు వేసుకోవాలి. చాలామంది ఆపేసేది సరిగ్గా అక్కడే.

మరి ఆ 6.1?

టీఎస్‌హెచ్ 4, 5 దాకా మామూలు. 10 దాటితే సాధారణంగా మాత్ర మొదలుపెడతారు. మధ్యలో ఉంటే ఫ్రీ టీ4తో కలిపి రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. చాలామందికి అది దానంతటదే దిగుతుంది. గర్భం కోసం చూస్తున్నవాళ్లకు లెక్క వేరు. జుట్టుకని బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపాలి, అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తాయి. నిజంగానే థైరాయిడ్ బాగా తగ్గితే చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, గొంతు బొంగురు, బరువు పెరగడం తోడవుతాయి. నెలసరి కూడా ఎక్కువవుతుంది, దాంతో ఐరన్ పోతుంది. ఐరన్, థైరాయిడ్ మాత్రలు రెండూ వాడాల్సి వస్తే మధ్య నాలుగు గంటలుండాలి.

నిద్ర మాటేమిటి?

నీరసం వేరు, నిద్రమత్తు వేరు. ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట వచ్చేలోపే తల వాలిపోతోందంటే అది నిద్ర బాకీ. ఫోనుతో ఒంటిగంట దాకా మేలుకుని ఆరింటికి లేచే అమ్మాయికి ఐదు గంటలే దక్కుతాయి. ఆదివారం పదింటి దాకా లేవలేకపోతే బాకీ రుజువైనట్టే. రెండు వారాలు ఏడు గంటలకు తగ్గకుండా పడుకుని చూస్తే తేలిపోతుంది. పడుకోగానే కాళ్లు ఊరుకోనివ్వక కదిలించాలనిపిస్తుంటే, దానికీ ఐరన్ లోపమే కారణం కావొచ్చు.

నిద్ర చాలినా, ఐరన్ నిండినా ఓపిక రాకపోతే, దేనిమీదా ఆసక్తి లేకుండా మనసు కుంగి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, విపరీతమైన దాహం ఉంటే ఆలస్యం చేయొద్దు. కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, హిమోగ్లోబిన్ 7 లోపు రావడం జరిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.