సారీలో ఫిర్యాదు కలిస్తే...

భార్యాభర్తల మధ్య గొడవ జరిగిన మర్నాడు వాట్సాప్‌లో వెళ్లే సారీ ఒక్కోసారి ఉన్న గొడవను పెంచుతుంది. పంపినవాళ్లకు అది అర్థం కాదు. ‘సారీ చెప్పాను కదా, ఇంకేం చెయ్యమంటావ్?’ అని చిరాకు పడతారు. వాళ్లు పంపిన మెసేజ్‌ను ఒక్కసారి నిదానంగా చదివితే కారణం అందులోనే దొరుకుతుంది. చాలాసార్లు ఆ సారీలో సగం ఫిర్యాదే ఉంటుంది.

ఒక ఇల్లు అనుకుందాం. భార్య తన తండ్రి కంటి ఆపరేషన్‌కు ఇరవై వేలు ఇచ్చింది. భర్తకు చెప్పలేదు. ఆదివారం అతని అక్కాబావలు భోజనానికి వచ్చినప్పుడు మాటల్లో ఆ సంగతి బయటపడింది. అతను అందరి ముందే ‘నా సంపాదనంతా పుట్టింటికి మోస్తున్నావు. మీ నాన్న చేతగానివాడైతే నేనా భరించాల్సింది?’ అన్నాడు. ఆమె వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇద్దరి మధ్యా మాటల్లేవు. మర్నాడు ఆఫీసు నుంచి అతను ఇలా పంపాడు:

‘సారీ రా. కోపంలో ఏదో అనేశాను. నువ్వు నాకు చెప్పకుండా డబ్బులు ఇచ్చేసరికి తట్టుకోలేకపోయాను. నా మాటలకు నువ్వు బాధపడి ఉంటే క్షమించు. పొద్దుట్నుంచీ పని మీద ధ్యాసే లేదు. ప్లీజ్, ఏదో ఒకటి రిప్లై ఇవ్వు.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆమెకు ఊరటనిచ్చే ముక్క కూడా ఒక్కటి లేదు. ‘ఏదో అనేశాను’ అన్నాడు. ఆమెకు ఆ ‘ఏదో’ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అతనికి గుర్తులేదా, లేక ఆ మాట మళ్లీ పలకడానికి మనసొప్పలేదా అన్నది ఆమెకు తెలియదు. రెండో వాక్యం తప్పును కోపం మీదికి, మూడోది ఆమె మీదికే నెట్టేశాయి. ‘బాధపడి ఉంటే’ అనడంలో ఆమె బాధ మీదే అనుమానం ఉంది. గరిటె వదిలేసి లోపలికి వెళ్లిన మనిషిని కళ్లారా చూశాక ఆ ‘ఉంటే’కు చోటెక్కడ? చివరి రెండు వాక్యాలతో ఇప్పుడు అతన్ని ఓదార్చే బాధ్యత కూడా ఆమె మీదే పడింది.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో క్షమాపణ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. క్షమాపణలో ఉండగల అంశాలను ఆరుగా విడదీసి, ఏది ఎంత పనిచేస్తుందో 755 మందిని అడిగి చూశారు. విచారం, కారణం చెప్పడం, తప్పు నాదేనని ఒప్పుకోవడం, ఇక చెయ్యనని అనడం, జరిగిన నష్టాన్ని సరిచేస్తాననడం, క్షమించమని అడగడం అనేవే ఆ ఆరు. అన్నిటికంటే బాగా పనిచేసింది తప్పు ఒప్పుకోవడం. దాని తర్వాతది సరిచేస్తాననడం. క్షమించమని అడగడం అట్టడుగున నిలిచింది. వాళ్లు తీసుకున్న సందర్భం ఉద్యోగానికి సంబంధించినది, దాంపత్యం కాదు. కాబట్టి ఆ ఫలితాన్ని ఇంటికి యథాతథంగా అన్వయించలేం. అయినా పై మెసేజ్‌ను దాని పక్కన పెట్టి చూడండి. అన్నిటికంటే బలమైన రెండూ అందులో లేవు, బలహీనమైనది మాత్రం ఉంది.

ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, అతని ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది. ఉమ్మడిగా నడిచే ఇంట్లో ఇరవై వేలు ఇచ్చేముందు ఒక మాట అనుకోవాల్సిందే. అందుకే ఆ సంగతి మెసేజ్‌లోకి జొరబడుతుంది. కానీ ఇవి రెండు వేర్వేరు విషయాలు. డబ్బు సంగతి ఇద్దరిదీ. నలుగురిలో మామగారిని కించపరచడం అతనొక్కడిదే. ఆమె ఏం చేసినా ఆ మాట అనడమా, మానడమా అన్నది అతని చేతిలోనే ఉంది. క్షమాపణ ఆ మాటకే చెప్పాలి. అప్పుడు మెసేజ్ ఇలా ఉంటుంది:

‘నిన్న అక్కావాళ్ల ముందు మీ నాన్నని చేతగానివాడన్నాను. నా సంపాదన పుట్టింటికి మోస్తున్నావన్నాను. ఆ రెండు మాటలూ తప్పే, తప్పంతా నాదే. ఆపరేషన్ అయి నాన్న అక్కడ మంచం మీద ఉంటే, ఇక్కడ నలుగురిలో ఆయన్ని తక్కువ చేసి మాట్లాడాను. నీకెంత అవమానంగా అనిపించిందో నీ మొహంలో చూశాను. పొద్దున అక్కకీ బావకీ ఫోన్ చేసి, నేనలా అనడం తప్పని చెప్పాను. దీనికి నువ్వు జవాబు ఇవ్వక్కర్లేదు. నీకు మాట్లాడాలనిపించినప్పుడు వింటాను.’

అన్న మాటను అన్నట్టే రాయడం ఇందులో అన్నిటికంటే కష్టమైన పని. వేలు ఆగిపోతుంది, ‘అలా మాట్లాడకూడదు’ అని తేల్చేయాలనిపిస్తుంది. ఆగకుండా రాయాలి. ఫోన్ సంగతి కూడా గమనించండి. ‘చేస్తాను’ అని మాటివ్వకుండా, చేసి వచ్చి చెప్పాడు. అవమానం ఎవరి ముందు జరిగిందో, దిద్దుబాటు వాళ్ల ముందే జరగాలి. ఆ ఫోన్‌లో కూడా డబ్బు ఊసు ఎత్తకూడదు, ఎత్తితే మళ్లీ ఆమెనే బయటపెట్టినట్టు. ఇక మీదట కోప్పడనని ఒట్లు పెట్టలేదు, అదీ మంచిదే. నిలబెట్టుకోలేని ఒట్టు తర్వాతి గొడవలో మళ్లీ బయటికి వస్తుంది.

ఎప్పుడు పంపాలి? గుండె దడదడలాడుతుండగా మాత్రం వద్దు. దంపతుల తగాదాలను దశాబ్దాలపాటు పరిశీలించిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, ఒళ్లు అంతగా వేడెక్కినప్పుడు కనీసం ఇరవై నిమిషాలైనా మాటలు ఆపమంటాడు. ఆ వేడిలో రాసే సారీ ఎక్కువగా గొడవ ముగించేయడానికే పనికొస్తుంది. అలాగని రోజులు గడవనివ్వకూడదు. మర్నాటికి రాయగలిగితే బాగుంటుంది.

పంపాక అసలు పరీక్ష మొదలవుతుంది. నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. గంటకోసారి ‘చూశావా?’ అని అడిగితే, ‘జవాబు ఇవ్వక్కర్లేదు’ అన్న మాట ఉత్తదే అవుతుంది. వాళ్లమ్మతోనో పిల్లలతోనో చెప్పించడమూ ఒత్తిడే. సాయంత్రం ఆమె ‘ఇదొక్కసారేనా? మా చెల్లి పెళ్లిలో ఏమన్నావో మర్చిపోయావా?’ అని పాతవి తవ్వవచ్చు. చాలా క్షమాపణలు విరిగిపోయేది ఇక్కడే. ‘సారీ చెప్పాక కూడా ఇంకా పాతవే ఎందుకు?’ అంటే ఆ మెసేజ్ అంతా వృథా. వినాలి. పెళ్లిలో అన్నదీ నిజమైతే అదీ ఒప్పుకోవాలి. ఆమె ‘సర్లే’ అన్నంత మాత్రాన కోపం పోయిందనుకోవద్దు. ఇంట్లో తన వంతు పనులు ఎప్పటిలా చేసుకుంటూ ఉండటమే అప్పటికి చెయ్యగలిగింది.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఇదంతా మాట తూలిన చోటే. చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, ఆ తర్వాత కన్నీళ్లతో సారీ, కొన్నాళ్లకు మళ్లీ అదే జరుగుతుంటే, మెసేజ్ ఎంత బాగా రాసినా అది పరిష్కారం కాదు. అలాంటి ఇంట్లో ఉన్న స్త్రీ 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

ఇక ఆ ఇరవై వేల సంగతి. ఆమె మనసు కుదుటపడ్డాక, ఇద్దరూ తీరిగ్గా కూర్చున్న రోజున, ‘నాకో మాట చెప్పి ఉంటే బాగుండేది’ అని అతను నిర్మొహమాటంగా అడగవచ్చు. నాకు చెప్పడానికి నీకెందుకు భయమేసిందని కూడా అడగాలి. ఆ ప్రశ్నలు ఆ రోజుకు దాచుకోండి, సారీ మెసేజ్‌లో మాత్రం పెట్టకండి.