జెన్‌రోకు పదిహేనో ఏడంటే ఎప్పుడు?

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ఆదివారం పొద్దున్నే ఫొటో పంపాడు. ఏదో చిన్న ప్రదర్శనశాలలో అద్దాల పెట్టె పక్కన గోడకున్న పలక అది. నిలువు వరుసల్లో జపనీస్ అక్షరాలు, మూలన ఫ్లాష్ మెరుపు. కింద వాడి ప్రశ్న: "అత్తా, ఫోన్ కెమెరాతో చదివిస్తే 'జెన్‌రోకు 14 సంవత్సరాలు మార్చి 14' అంటోంది. పద్నాలుగేళ్లు ఏం జరిగినట్టు?"

ఏళ్ల తరబడి జపనీస్ పాఠాలు చెప్పినదాన్ని. ఈ తికమక నాకు కొత్త కాదు. జపనీస్‌లో 'నెన్' అన్న ఒక్క అక్షరమే "ఏళ్లు", "ఫలానా ఏడు" అన్న రెండర్థాలూ ఇస్తుంది. పలక చెబుతున్నది పద్నాలుగేళ్ల సంగతి కాదు, పద్నాలుగో ఏటి సంగతి. ఆ 'మార్చి' కూడా మార్చి కాదు. ముందు పలకలో ఉన్నది తెలుగులో రాసి పంపాను.

"జెన్‌రోకు 14వ ఏట, మూడో నెల 14న, అసానో తకుమినోకామి ఎదో కోటలో కిరా కోజుకెనోసుకె మీద కత్తి దూశాడు. అదే రోజు అతనికి సెప్పుకు విధించారు. 50,000 కొకుల అకో సంస్థానం రద్దయింది. మరుసటి 15వ ఏట, 12వ నెల 14 రాత్రి, ఓయిషి కురనోసుకె నాయకత్వంలో 47 మంది రోనిన్‌లు కిరా ఇంటి మీద పడి అతన్ని చంపారు. 16వ ఏట, రెండో నెల 4న, 46 మంది సెప్పుకు చేసుకున్నారు. కన్‌ఎన్ మొదటి ఏట ఈ కథ 'కనదెహోన్ చూషింగుర' పేరుతో ఓసాకాలో బొమ్మలాటగా వచ్చింది."

వెంటనే ఫోన్ మోగింది. "తెలుగే గానీ సగం అర్థం కాలేదత్తా!" అన్నాడు. నిజమే. మాటలు మారాయి తప్ప కాలం ఇంకా మన కాలంలోకి రాలేదు.

జెన్‌రోకు రాజు పేరు కాదు. జపాన్ ఆస్థానం ఒక కాలానికి పెట్టుకున్న శుభనామం అది. అలాంటి పేర్లను నెంగో అంటారు. మెయిజీ కాలం నుంచి ఒక చక్రవర్తికి ఒకే పేరు అన్న నియమం వచ్చింది గానీ, అంతకుముందు ఒకే చక్రవర్తి హయాంలో పేరు రెండు మూడు సార్లు కూడా మారేది. భూకంపమో, అగ్నిప్రమాదమో, మహమ్మారో వస్తే పాత పేరుకు కీడు తగిలిందని కొత్తది పెట్టేవారు. జెన్‌రోకుకూ అదే గతి పట్టింది. 1703 చివర్లో ఎదో ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. మరుసటి వసంతంలో ఆ పేరు తీసేసి 'హోయెయి' అని పెట్టారు. ఎదో అంటే నేటి టోక్యోకు పాత పేరు. షోగున్‌లు అక్కడి నుంచి ఏలిన 1603-1868 మధ్య కాలాన్ని చరిత్రకారులు ఎదో యుగం అంటారు. ఈ రెండు కొలతలనూ కలపకూడదు. ఎదో యుగం పెద్ద గది అయితే జెన్‌రోకు అందులో ఒక అర. ఆంగ్ల పలకల్లో రెండింటికీ ఒకే మాట వాడేస్తుంటారు కాబట్టి సందర్శకుడు రెండూ ఒకటే అనుకుంటాడు.

లెక్క మాత్రం సులువే. జెన్‌రోకు మొదటి ఏడు 1688. దానికి ఏటి సంఖ్య కలిపి ఒకటి తీసేయాలి. 14వ ఏడు 1701, 15వ ఏడు 1702. ఒకటి తీసేయడం మరిచిపోతే తేదీలన్నీ ఏడాది ముందుకు జరిగిపోతాయి. మొదటి ఏటిని అంకెతో రాయరు, 'గన్నెన్' అంటారు. పలక చివర కన్‌ఎన్ పేరు పక్కన అంకె లేకపోవడానికి కారణం అదే. కన్‌ఎన్ గన్నెన్ అంటే 1748.

మావాడు అప్పటికే లెక్క కట్టేశాడు. "అయితే దాడి 1702 డిసెంబర్ 14న అన్నమాట" అన్నాడు. సరిగ్గా ఇక్కడే చాలా పుస్తకాలు కూడా జారిపడతాయి. జపాన్‌లో 1872 దాకా నడిచింది మన పంచాంగం లాంటి చాంద్రమానమే. నెల అమావాస్య రోజున మొదలవుతుంది, సంవత్సరం మన క్యాలెండర్ ప్రకారం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మొదలవుతుంది. కాబట్టి వాళ్ల మూడో నెల మన ఏప్రిల్ దగ్గర పడుతుంది, పన్నెండో నెల తరువాతి జనవరిలోకి వెళ్లిపోతుంది. అసానో కత్తి దూసింది 1701 ఏప్రిల్ 21న. జెన్‌రోకు 15, 12వ నెల 14 అంటే 1703 జనవరి 30. సూత్రం 1702 అని చెప్పినా అసలు రోజు 1703లో పడింది. పాత జపాన్ తేదీలో 11, 12 నెలలు కనిపిస్తే చాలు, నేను ఏటి సంఖ్యను వెంటనే నమ్మను.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించాల్సిన పనిలేదు. ఆ ఏడు మన పంచాంగంలో చిత్రభాను. 1702 ఉగాదికి మొదలై 1703 ఉగాది దాకా నడిచింది. చిత్రభానులో జనవరి చివర పుట్టిన బిడ్డ ఏ సంవత్సరంలో పుట్టిందని అడిగితే 1702 అని ఎవరూ అనరు కదా. జపాన్‌లోనూ అరవై ఏళ్ల చక్రం ఉంది. చైనా నుంచి వచ్చిన ఆ చక్రంలో ప్రతి ఏటికీ ఒక జంతువు వస్తుంది. జెన్‌రోకు 15 గుర్రం ఏడు. అయితే మన ప్రభవ, వాళ్ల మొదటి ఏడు ఒకేసారి రావు, మూడేళ్ల తేడా ఉంటుంది. 1984లో వాళ్ల చక్రం మొదలైతే 1987లో మనకు ప్రభవ వచ్చింది. చక్రం పేరు ఒక్కటే ఉంటే ఏ అరవై ఏళ్లలోదో తేల్చడం కష్టం. పక్కన నెంగో ఉంటే ఆ బెంగ ఉండదు.

అధికమాసం సంగతి కూడా చెప్పాను. పలక మీది నెలలు లెక్కపెడితే అసానో చావుకీ దాడికీ మధ్య 21 నెలలు. కానీ రోజులు లెక్కిస్తే 649. చంద్రుడి లెక్కలో అవి 22 నెలలు. జెన్‌రోకు 15లో ఒక అధికమాసం పడింది. పలక దాని ఊసెత్తదు. ఇరవై ఒక్క నెలలని రాసినవాళ్ల తప్పు కాదిది, పలక దాచేసిన నెల అది.

ఇంకో చిక్కు ఆ 'రాత్రి' అన్న మాటలో ఉంది. వాళ్లు కిరా తలుపులు పగలగొట్టింది తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో. మన గడియారం ప్రకారం అప్పటికే తేదీ మారింది, జనవరి 31 వచ్చేసింది. అప్పటి జపాన్ జనానికి మాత్రం తెల్లవారితేనే కొత్త రోజు, కాబట్టి అది ఇంకా 14వ తేదీయే. మనింట్లో తెల్లవారుజామున పుట్టిన పిల్లకు జాతకం రాసేటప్పుడు సిద్ధాంతి సూర్యోదయం ఇంకా కాలేదని ముందురోజు వారమే వేస్తాడు. అదీ ఇదీ ఒకటే. అందుకే కొన్ని పుస్తకాల్లో 30, కొన్నింట్లో 31 కనిపిస్తాయి. రెండూ సరైనవే.

తేదీలు సర్దుకున్నాక పేర్లు అడిగాడు. తకుమినోకామి అసానో పేరు కాదు, బిరుదు. ఎప్పుడో ప్రాచీన ఆస్థానంలో పనివాళ్ల శాఖకు అధిపతి అని దాని అర్థం. 1701 నాటికి ఆ శాఖా లేదు, పనీ లేదు. అసలు పేరు అసానో నగనోరి. కోజుకెనోసుకె అంటే కోజుకె సీమకు ఉపపాలకుడు. అదీ కాగితం మీది హోదాయే, ఆయన పేరు కిరా యోషినక. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ అన్నది బిరుదనీ, మ్యూజియం సొత్తు కూడబెట్టిన మనిషి పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్ అనీ చెబితే వాడికి ఠక్కున అర్థమైంది. బిరుదును ఇంటిపేరనుకుని వెతికితే ఒకే మనిషి రెండు పుస్తకాల్లో ఇద్దరిలా కనిపిస్తాడు.

కొకు ధాన్యం కొలత. ఒక కొకు సుమారు 180 లీటర్లు, బియ్యమైతే దాదాపు 150 కిలోలు. ఒక మనిషి ఏడాది తిండి అని మోటు లెక్క. 50,000 కొకుల సంస్థానం అంటే అంత విస్తీర్ణమనీ కాదు, దొర చేతికి అంత ముట్టేదనీ కాదు. ఆ నేల అంత పండుతుందని ప్రభుత్వం కట్టిన అంచనా అది. మన పల్లెల్లో ఫలానా వాళ్లది ఇన్ని పుట్ల పంట అని మనిషి అంతస్తు చెప్పినట్టు.

సెప్పుకు అంటే పొట్ట కోసుకుని చావడం. 'ఆత్మహత్య' అని రాస్తే సగమే చెప్పినట్టు. ఇక్కడ అది ప్రభుత్వం విధించిన మరణశిక్ష, కాకపోతే యోధుడి గౌరవం దక్కనిచ్చే శిక్ష. కోటలో కత్తి దూయడమే అసానో నేరం. కిరా మీద మాత్రం ఏ చర్యా లేదు, అసానో సేవకుల కడుపుమంట అక్కడే. సంస్థానం పోయి, దొర పోయి మిగిలిన ఆ సమురాయ్‌లే రోనిన్‌లు. "మా ఆఫీసులో ఒకాయన వాళ్లబ్బాయి ఈ ఏడు రోనిన్ అన్నాడు, అదేంటి?" అన్నాడు మావాడు. ప్రవేశపరీక్ష తప్పి మళ్లీ ఏడాది చదువుకునే కుర్రాణ్ణి కూడా అక్కడ అలాగే పిలుస్తారు. మన లాంగ్‌టర్మ్ కోచింగ్ పిల్లలే.

నలభై ఏడుగురు దాడి చేస్తే చచ్చింది నలభై ఆరుగురేంటని అడుగుతాడనుకున్నా, అడగలేదు. తెరసక కిచియెమోన్ అనే అతనికి ఆ శిక్ష పడలేదు. పలక రాసినవారు అంకె తప్పు వేయలేదన్నమాట. అంకెల విషయంలో నేను భయపడింది వేరే దానికి. జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు అంటే అడ్డంగా ఒకటి, రెండు, మూడు గీతలు. నిలువు రాతలో ఒకటి కింద రెండు వస్తే మసక ఫొటోలో మూడనిపిస్తుంది. వాడు పంపిన దాంట్లో మెరుపు సరిగ్గా నెల అంకె మీదే పడింది. 12వ నెల అని నేను చెప్పగలిగింది కథ తెలిసి కాబట్టే. తెలియని పలక అయితే పక్కనుంచి ఇంకో ఫొటో తీయమనేదాన్ని.

ఆ రోనిన్‌లు కిరా తలను తమ దొర సమాధి ముందు పెట్టిన సెన్‌గకుజి గుడి టోక్యోలోనే ఉంది. "ప్రతి డిసెంబర్ 14న అక్కడ ఉత్సవం జరుగుతుందట, ఈసారి వెళ్తా" అన్నాడు. వెళ్లమన్నాను. పన్నెండో నెల 14ను ఉన్నదున్నట్టు డిసెంబర్ 14కు మార్చేశారు గనుక ఆ రోజు అసలు రాత్రి కంటే ఆరు వారాలకు పైగా ముందొస్తుంది. దాడి జరిగిన రాత్రి చాంద్రమాసంలో 14వది కాబట్టి నెత్తి మీద పున్నమికి దగ్గరపడిన చంద్రుడు ఉండాలి. వాడు వెళ్లే రాత్రి ఏ చంద్రుడుంటాడో ఆ ఏటి పంచాంగం చూస్తేగానీ చెప్పలేం.